సీమ నుంచి అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: ఏ బిట్టు చెక్కకు, ఏది గోడకు, ఏది ఇనుముకు

కర్నూలు, అనంతపురం, కడప వైపు గోడ అంటే ఇటుకో, సిమెంటో, రాయో. మేకుకైనా, షెల్ఫుకైనా డ్రిల్లింగ్ మిషన్‌కు గోడ బిట్టు తగిలించడమే మనకు అలవాటు. అమెరికాలో చాలా ఇళ్ల లోపలి గోడలు అలా కట్టరు. నిలువు చెక్కలు నిలబెట్టి, వాటి మీద అర అంగుళం మందం జిప్సం బోర్డు బిగిస్తారు. ఆ నిలువు చెక్కను స్టడ్ అంటారు. ఎక్కువ ఇళ్లలో మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాల దూరంలో ఒక్కో స్టడ్ ఉంటుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో చెక్కకు బదులు రేకు స్టడ్‌లు వాడతారు. బేస్‌మెంట్ గోడ మాత్రం చాలాచోట్ల కాంక్రీటే. అంటే ఒకే ఇంట్లో మూడు రకాల బిట్లూ అవసరపడతాయి.

ముందు గోడ బిట్టును వేరు చేయండి, అది సులువు. బిట్టును కంటి ఎత్తున పట్టుకుని పక్క నుంచి మొనను చూడండి. గోడ బిట్టు చివర చీలికలో చిన్న కార్బైడ్ పలక అతికించి ఉంటుంది. అది కాడ కంటే కొంచెం వెడల్పుగా రెండు వైపులా బయటికి పొడుచుకొస్తుంది, అతుకు గీత కూడా కనబడుతుంది. వేలితో తాకితే అంచు మొద్దుగా ఉంటుంది. దాని పని కోయడం కాదు, దెబ్బ మీద దెబ్బ వేసి రాయిని నలగ్గొట్టడం. కాడ చుట్టూ ఉన్న మెలిక గాడులు ఆ పొడిని బయటికి తోయడానికే, కాబట్టి వాటి అంచులకు పదును ఉండదు.

ఇనుము బిట్టుకు అతుకు ఉండదు. మొన నుంచి కాడ దాకా ఒకే లోహం, ఒకే వెడల్పు. మొన చెక్కిన పెన్సిల్‌లా శంఖాకారంగా ఉంటుంది, రెండు అంచులూ గోటికి పట్టేంత పదునుగా ఉంటాయి. మొన కోణం మామూలుగా 118 డిగ్రీలు, గట్టి లోహాలకైతే 135. గాడుల అంచులు కూడా శుభ్రంగా, పదునుగా ఉంటాయి.

చెక్క బిట్టుకు నడిమధ్యన సన్నని ముల్లు ఉంటుంది, అంచుల్లో మరో రెండు చిన్న కొనలు. నడిమి ముల్లు ముందు దిగి బిట్టు పక్కకు జారకుండా పట్టుకుంటుంది, అంచు కొనలు చెక్క నారను గుండ్రంగా కోస్తాయి. అందుకే బెజ్జం అంచు చీలదు. చెక్క పొట్టు మందంగా వస్తుంది కాబట్టి గాడులు లోతుగా, వెడల్పుగా ఉంటాయి.

రంగును నమ్మకండి. బంగారు రంగు పైపూత ఇనుము బిట్ల మీద ఎక్కువగా కనబడుతుంది గానీ, అదే రంగులో వేరే రకాలూ దొరుకుతాయి. మొనే సాక్ష్యం.

మార్చి వాడితే ఏమవుతుంది? ఇనుము బిట్టు చెక్కలో బాగానే పనిచేస్తుంది. కాంక్రీటులో మాత్రం కీచుమని అరిచి, క్షణాల్లో అంచు గుండ్రబడి పనికిరాకుండా పోతుంది. గోడ బిట్టును ఇనుము మీద పెడితే కోయదు, రాపిడికి వేడెక్కి పలక అతుకు వదులవుతుంది. అదే బిట్టు చెక్కలో నారను చింపి, కాల్చిన వాసన తెప్పిస్తుంది.

ఇప్పుడు షెల్ఫు బిగించే పనికి వద్దాం. అద్దె ఇల్లయితే ముందు ఒప్పందంలో గోడకు బెజ్జాలు వేయవచ్చో లేదో చూసుకోండి. 10వ నంబరు స్క్రూకు మెత్తని చెక్క స్టడ్‌లో 1/8 అంగుళం బిట్టు సరిపోతుంది. మొన నుంచి 1¾ అంగుళాల దగ్గర బిట్టుకు టేపు చుట్టండి, అంతకు మించి దింపకండి. స్టడ్ ముందు అంచు నుంచి 1¼ అంగుళం లోపల కరెంటు వైరు పోయేచోట ఇనుప రక్షణ పలక కొట్టాలని అక్కడి నిబంధన. ఆ 1¼కు బోర్డు అర అంగుళం కలిపితే వచ్చే కొలతే ఇది. హ్యామర్ మోడ్ ఆపేయండి, లేకపోతే జిప్సం బోర్డు పెచ్చులూడుతుంది.

బిట్టు వెంట వచ్చే పొడిని గమనించండి. ముందు తెల్ల పొడి, తర్వాత పసుపు పొట్టు వస్తే స్టడ్ దొరికినట్టే. తెల్ల పొడి వచ్చి బిట్టు ఒక్కసారిగా లోపలికి జారితే వెనక ఖాళీ, అక్కడ బరువు నిలవదు. తెల్ల పొడి తర్వాత బిట్టు దిగకుండా జారుతూ మెరిసే రజను తెస్తే వెంటనే ఆపండి. ఇనుము బిట్టు తగిలించి ముందుకు పోవడం ఇక్కడే ప్రమాదం. అది వైరునో, నీటి పైపునో కాపాడే పలక కావచ్చు. బలమైన అయస్కాంతాన్ని గోడ మీద అదే వరుసలో పైకీ కిందికీ జరపండి. అరచేతి పొడవు మేర మాత్రమే పట్టి వదిలితే పలక అనుకుని ఆ స్టడ్‌నే వదిలేసి పక్క స్టడ్‌కు వెళ్లండి. కింది నుంచి పై దాకా ఎడతెగకుండా లాగితే రేకు స్టడ్. దానికి ఇనుము బిట్టే సరైనది. మిషన్ నెమ్మదిగా తిప్పండి, రేకు తెగిన క్షణాన ఒత్తిడి తీసేయండి.