పార్కిన్సన్స్‌లో మలబద్ధకం: మా నాన్నగారికి పనిచేసింది ఇది

నాన్నగారికి చెయ్యి వణకడానికి కొన్నేళ్ల ముందే మలబద్ధకం మొదలైంది. పార్కిన్సన్స్ జబ్బు పేగుల నరాలను ముందే మందగింపజేయొచ్చని న్యూరాలజిస్టు చెప్పాకే లంకె తెలిసింది. అరటిపండు, త్రిఫల, ఇసబ్‌గోల్ అన్నీ అయ్యాయి. నీళ్లు సరిగా తాగని ఆయనకి ఇసబ్‌గోల్‌తో పొట్ట ఉబ్బరమే మిగిలింది.

డాక్టరు రాసిన పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి 17 గ్రాములు గ్లాసు నీళ్లలో కలిపి రోజూ రాత్రి ఇచ్చాం. ఇది నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. పనిచేయడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, అంతలో మానేయొద్దు. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలోపు, పేగులు వాటంతట అవే కదిలే వేళకి, కమోడ్ మీద కూర్చోబెట్టి పాదాల కింద పీట వేశాం. మోకాళ్లు తుంటి కంటే పైకి రావాలి, అదే కీలకం.

కొందరికి మలద్వారం కండరాలే వదులు కావు. వాళ్లకి పొడి ఒక్కటే చాలకపోవచ్చు. పొట్ట బిగిసి వాంతులైతే మాత్రం నేరుగా ఆసుపత్రికే.