జీఎస్టీ నేర్చుకుందాం, 3వ భాగం: మధ్యలో ఒకడు బిల్లు ఎక్కించకపోతే

పోయిన భాగంలో రేట్లు చూశాం కదా, ఈసారి ఒక ఇనుప బీరువా వెంబడి పోదాం. అనంతపురంలోనే షీటు అమ్మే డీలరు, బీరువా చేసే షెడ్డాయన, పాతూరులో ఫర్నిచర్ షాపు, చివరికి కొనుక్కునే ఇంటివాళ్ళు. అన్నిటికీ 18 శాతం. పెయింటు, హ్యాండిళ్ళు పక్కన పెట్టి లెక్క షీటు దగ్గరే మొదలుపెడదాం.

డీలరు 5000 షీటు అమ్మి పైన 900 పన్ను తీసుకున్నాడు, అది గవర్నమెంటుకి కట్టేశాడు. షెడ్డాయన ఆ షీటుతో బీరువా చేసి షాపుకి 8000కి ఇచ్చాడు, పన్ను 1440 వసూలు చేశాడు, కానీ మొత్తం కట్టడు, షీటు కొన్నప్పుడు ఇచ్చిన 900 తీసేసుకుని 540 కడతాడు. ఈ తీసేసుకునేదే ఇన్‌పుట్ క్రెడిట్. 540 యాడ నుంచి వచ్చిందో చూడండి, ఆయన షీటు మీద పెంచిన విలువ 3000, దానికి 18 శాతం అంతే. షాపు 10000కి అమ్మి 1800 వసూలు చేసి, 1440 పోను 360 కడుతుంది. 900, 540, 360 కలిపితే 1800. మొత్తం మోసింది 11800 ఇచ్చిన ఇంటివాళ్ళే, మధ్యలో వాళ్ళంతా వసూలు చేసి కట్టినోళ్ళు మాత్రమే. మన దగ్గర 2005లో వ్యాట్ వచ్చినప్పుడూ ఇదే పద్ధతి, 2017 జులై నుంచి జీఎస్టీలో కూడా ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. డీలరు షెడ్డాయన దగ్గర 900 తీసుకుని, ఆ బిల్లు తన అమ్మకాల రిటర్ను GSTR-1లో ఎక్కించలేదు, పన్నూ కట్టలేదు అనుకోండి. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకి దాని గడువు తర్వాతి నెల 11, ఆ తర్వాత 14న షెడ్డాయనకి, ఆయనకి అమ్మినోళ్ళు ఎక్కించిన బిల్లుల పట్టీ GSTR-2B తయారవుతుంది, అందులో ఆ బిల్లు ఉండదు. ఉండకపోతే క్రెడిట్ లేదు, చేతిలో కాగితం బిల్లు ఉన్నా సరే. 20వ తేదీలోపు పన్ను కట్టే రిటర్ను GSTR-3Bలో 1440 మొత్తం కట్టాల్సిందే. గవర్నమెంటుకి 1440, షాపు నుంచి 360, మళ్ళీ 1800 వచ్చేసింది! పోయింది షెడ్డాయన 900, అది డీలరు జేబులో ఉంది. అందుకే ఆఫీసరు కంటే ముందు కొన్నోడే ఫోన్ చేస్తాడు, "అన్నా, పోయిన నెల బిల్లు 2Bలో కనపడలా, ఎక్కించినావా లేదా?" అని. ఈ పద్ధతి నడిచేదే ఆ ఫోన్ మీద అని నేను గట్టిగా నమ్ముతాను.

డీలరు ఆలస్యంగా ఎక్కిస్తే క్రెడిట్ తర్వాతి నెల 2Bలో వస్తుంది, అప్పటిదాకా 900 ఇరుక్కుపోయినట్టే. అదీ ఎల్లకాలం కాదు, ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబరు 30 దాటితే, లేదా అంతకుముందే వార్షిక రిటర్ను వేసేస్తే, ఇక రాదు. కాబట్టి 14 తర్వాత 2B దింపుకుని కొనుగోలు బిల్లులతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి, బిల్లు నంబరు, మీ జీఎస్టీ నంబరు రెండూ చూడండి, జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా మీ క్రెడిట్ మీకు చేరదు. కొత్త డీలరైతే బేరంలోనే మాట్లాడుకోండి, సరుకు డబ్బు ఇప్పుడే, పన్ను డబ్బు మాత్రం 2Bలో కనపడినాక అని.