ఇన్వెస్టర్లకు నెలవారీ లేఖ - 3వ పాఠం: చేదు వార్త, దాని కిందే అభ్యర్థన

గత రెండు పాఠాల్లో పేజీ పైభాగం పూర్తిచేశాం: బ్యాంకులో ఉన్న నగదు, నెలనెలా తరిగిపోయే నికర మొత్తం (బర్న్), ఆ లెక్కన ఇంకా ఎన్ని నెలలు నడవగలం (రన్‌వే). ఈ వరుస ఏ నెలా మారకూడదు. ఇప్పుడు ఆ అంకెల కిందికి వద్దాం.

మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ ఒకటి ఉందనుకోండి. అక్టోబరు చివర ఖాతాలో 84 లక్షలు ఉన్నాయి. ఆ నెల ఖర్చు 19 లక్షలు, చేతికి వచ్చింది 7 లక్షలు. బర్న్ 12 లక్షలు, రన్‌వే 7 నెలలు. ఇంతలో నెలకు 2 లక్షలు కట్టే కస్టమరు తప్పుకుంటున్నట్టు కబురు పెట్టారు.

చాలామంది దీన్ని "ఒక కస్టమరుతో చర్చలు సాగుతున్నాయి" అని రాసి ఊరుకుంటారు. చదివినవారికి విషయం తెలియదు, అనుమానం మాత్రం మొదలవుతుంది. ఇలా రాయండి:

"నెలకు 2 లక్షలు కట్టే కస్టమరు నవంబరు నుంచి మానేస్తున్నారు. శాఖల మధ్య స్టాకు లెక్క కుదరడం లేదని వారు ఆగస్టులోనే చెప్పారు, మేం సరిచేయలేదు. దీంతో బర్న్ 14 లక్షలకు పెరుగుతుంది, రన్‌వే 6 నెలలకు తగ్గుతుంది. ఆ లోపాన్ని నవంబరు 20 లోగా సరిచేస్తాం. శాఖలున్న మిగతా కస్టమర్లందరితో ఈ వారమే మాట్లాడుతున్నాం."

ఇందులో ఎక్కువమంది వదిలేసేది మూడో వాక్యం. మీరు లెక్క చెప్పకపోతే ఇన్వెస్టరే వేసుకుంటారు, అదీ మీ లెక్క కంటే ఘోరంగా. పైన 7, ఇక్కడ 6 ఉండటం తప్పు కాదు. మొదటిది గడచిన నెల లెక్క, రెండోది రాబోయేది. పై అంకెను మాత్రం దిద్దకండి.

అభ్యర్థన ఈ వార్తలోంచే పుట్టాలి. "మంచి పరిచయాలుంటే చెప్పండి" అంటే ఎవరూ కదలరు. "10 నుంచి 40 శాఖలున్న మందుల దుకాణాల్లో కొనుగోళ్లు చూసేవారు తెలిస్తే పరిచయం చేయండి, పంపడానికి వీలుగా నాలుగు వాక్యాల మెయిలు కింద ఉంది" అంటే ఒకరిద్దరైనా అప్పటికప్పుడే పంపేస్తారు. నెలకు రెండు అభ్యర్థనలు చాలు. అయిదు రాస్తే ఒక్కటీ జరగదు.

ఈ పేజీ మోయలేని వార్తలూ ఉంటాయి. సహవ్యవస్థాపకుడు వెళ్లిపోవడం, జీతాలకు డబ్బు చాలకపోవడం వంటివి ముందు ఫోనులో చెప్పాలి, తర్వాతే లేఖలో రాయాలి.

అభ్యాసం: మీ సంస్థలో అందరికంటే ఎక్కువ కట్టే కస్టమరు వచ్చే నెల మానేస్తే రన్‌వే ఎంతవుతుందో లెక్కగట్టి, పై నమూనాలో రాయండి. ఏడాది చందా ఒకేసారి వచ్చిన నెలలో బర్న్ తక్కువగా కనిపిస్తుంది. దాన్ని విడదీసి చూపడం వచ్చే పాఠంలో.