ఒకే సిరంజి పంపు వల్ల జరిగిన పలు ఘటనలను ఒక్క నివేదికగా పంపే విధానం

వైద్య పరికరాల వల్ల రోగులకు కలిగిన హానిని, తృటిలో తప్పిన ప్రమాదాలను నమోదు చేయడానికి మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా 2015 జూలై నుంచి పనిచేస్తున్నది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనిని నిర్వహిస్తున్నది. దీని ఫారం ఒక రోగికి జరిగిన ఒక ఘటనను దృష్టిలో పెట్టుకొని రూపొందినది కాబట్టి, ఒకే యంత్రం వేర్వేరు రోజుల్లో వేర్వేరు రోగుల దగ్గర మొరాయించినప్పుడు ఎలా నింపాలన్న సందేహం ఆసుపత్రి సిబ్బందికి సహజంగా కలుగుతుంది.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఐసీయూలో రక్తపోటు నిలిపే నారడ్రినలిన్ మందును ఎక్కిస్తున్న ఒక సిరంజి పంపు ఆరు వారాల్లో నాలుగు సార్లు ఇబ్బంది పెట్టింది. వార్డు రిజిస్టరులో ఒక షిఫ్టు వారు "పంపు ఆగింది" అని, మరొక షిఫ్టు వారు "సీటీకి తీసుకెళ్తుండగా బీపీ పడిపోయింది" అని, ఇంకొకరు "ప్లగ్ ఊడింది, పంపు మార్చాము" అని, నాలుగోసారి "అలారం మోగింది" అని రాశారు. విడిగా చదివితే ఇవి నాలుగు చిన్న సంగతులుగానే కనిపిస్తాయి.

కలిపి రాసేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది అది అదే యంత్రమా అన్నది. మోడల్ పేరు ఇందుకు సరిపోదు. ప్రతి ఘటనకూ సీరియల్ నంబరు సరిచూడాలి. ఆ తరువాత తేదీ, రోగికి ఏమైందన్న వివరాలతో పాటు, యంత్రం అప్పుడు ఏ స్థితిలో ఉన్నదో తెలిపే గడులతో ఒక పట్టిక తయారు చేయాలి. మన ఉదాహరణలో అసలు విషయం బయటపెట్టినది "కరెంటు మీదా, బ్యాటరీ మీదా" అనే గడి. మొదటి మూడు ఘటనల్లోనూ పంపు బ్యాటరీ మీదే ఉన్నది. ప్లగ్ తీసిన 21, 16, 9 నిమిషాలకు వరుసగా ఆగిపోయింది. తెర మీద మాత్రం బ్యాటరీ నిండుగా ఉన్నట్లే చూపింది. వ్యవధి తగ్గుతూ రావడం బ్యాటరీ క్షీణతను సూచిస్తుంది కనుక ఈ అంకెలను సగటు తీయకుండా వరుసలోనే ఇవ్వాలి. నాలుగో ఘటన కరెంటు మీద ఉండగా, గొట్టం మడత పడి మోగిన అలారం. అది ఈ కోవకు చెందదు. దానిని దాచనక్కరలేదు; పట్టికలో ఉంచి, ఎందుకు వేరు చేశారో ఒక వాక్యంలో చెబితే మిగతా మూడింటి మీద నమ్మకం పెరుగుతుంది. అదే కాలంలో ఆ పంపు బ్యాటరీ మీద ఇబ్బంది లేకుండా నడిచిన సందర్భాలు తెలిస్తే వాటినీ చేర్చాలి.

సమయాలకు సిబ్బంది జ్ఞాపకం మీద కాక పంపు లోపలి ఘటనల లాగ్ మీద ఆధారపడాలి. అయితే పంపు గడియారం కొన్ని నిమిషాలు ముందో వెనకో ఉండవచ్చు గనుక, గోడ గడియారంతో పోల్చి తేడాను నివేదికలో రాయాలి. లాగ్‌లో చోటు పరిమితం కావడం వల్ల కొత్త నమోదులు పాతవాటిని చెరిపేస్తాయి. సర్వీసు ఇంజనీరు వచ్చి బ్యాటరీ మార్చి వెళ్లాక ఆధారం మిగలకపోవచ్చు కూడా. అందుచేత పంపును వెంటనే వాడకం నుంచి తప్పించి, చీటీ కట్టి, లాగ్ నకలు తీసిన తరువాతే మరమ్మతుకు ఇవ్వాలి. వీలైతే బయోమెడికల్ ఇంజనీరు రోగి లేకుండా పంపును పూర్తిగా చార్జ్ చేసి, గంటకు 5 మిల్లీలీటర్ల వేగంతో బ్యాటరీ మీద నడిపి, ఎంతసేపటికి ఆగిందో చూసి, అదే మోడల్ మరో పంపుతోనూ పోల్చాలి. రెండోదీ తొందరగా ఆగితే లోపం ఒక్క యంత్రానిది కాకపోవచ్చు.

ఫారంలో ఘటన వివరణ మొదటి వాక్యంలోనే "ఈ సీరియల్ నంబరు గల పంపు బ్యాటరీ మీద నడుస్తుండగా మూడు సార్లు ఆగింది" అని సూటిగా రాసి, పట్టికను, లాగ్ నకలును జతచేయాలి. "తయారీ లోపం" వంటి తీర్పు రాయవద్దు; చూసినదీ కొలిచినదీ చాలు. ఎవరికైనా తీవ్ర హాని జరిగి ఉంటే, ఉదాహరణకు బీపీ పడిపోయి అత్యవసర చికిత్స అవసరమైన ఆ రెండో రోగి విషయంలో, విడిగా కూడా ఒక ఫారం నింపి, రెండింటిలోనూ ఒకదాని ప్రస్తావన మరొకదానిలో ఇవ్వడం మంచిది. ఆ ఫారం పట్టిక పూర్తయ్యే వరకు ఆగకూడదు. రోగుల పేర్లకు బదులు సంకేతాక్షరాలు వాడాలి. నివేదిక పంపినంత మాత్రాన ఆసుపత్రి గానీ సిబ్బంది గానీ తప్పు ఒప్పుకున్నట్లు కాదు.

నింపిన ఫారాన్ని దగ్గరలోని వైద్య పరికరాల పర్యవేక్షణ కేంద్రానికి ఇవ్వవచ్చు. కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరులో అడగవచ్చు. నివేదిక సంఖ్య వచ్చాక దానిని ఆ పంపు సర్వీసు రికార్డులో రాసిపెట్టాలి. మరమ్మతులో ఏమి తేలిందో, బ్యాటరీ మార్చాక పంపు ఎంతసేపు నడిచిందో అదే సంఖ్య మీద ఫాలోఅప్ నివేదికగా పంపాలి.