అధ్యయనంలోని అంకెను ఉన్నదున్నట్టు రాయడం ఎలా?

"రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గుతుంది." ఈ వాక్యంలో అబద్ధం లేదు. అయినా చదివినవాళ్లలో చాలామంది, మాత్ర వేసుకున్న ప్రతి వందమందిలో 44 మందికి గుండెపోటు తప్పిందని అనుకుంటారు. అసలు లెక్కలో అది వందకు ఒక్కరు కూడా కాదు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో, దాన్ని పాఠకుడికి ఎలా చెప్పాలో అదే అధ్యయనం మీద చూద్దాం. అమెరికాలో మగ డాక్టర్ల మీద జరిగిన ఈ ఫిజీషియన్స్ హెల్త్ స్టడీ ఆస్పిరిన్ ఫలితాలు 1989లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

1. ముందు నాలుగు అంకెలు రాసుకోండి

పేపర్ మొదట్లో ఉండే సారాంశంతో ఆగిపోకుండా ఫలితాల పట్టిక దాకా వెళ్లండి. ఒక్కో గుంపులో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమందికి ఆ సంఘటన జరిగింది అన్నవే మీకు కావాలి. ఇక్కడ మొత్తం 22,071 మంది. లాటరీ పద్ధతిలో 11,037 మందికి ఆస్పిరిన్, 11,034 మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున ఐదేళ్లలో గుండెపోటు వచ్చినవాళ్లు ఆస్పిరిన్ గుంపులో 139 మంది, రెండో గుంపులో 239 మంది.

"22 వేలమంది మీద పరిశోధన" అని రాస్తే అంకె ఘనంగానే ఉంటుంది. కానీ ఈ ఫలితం బలం 22 వేల మీద కంటే ఆ 378 గుండెపోట్ల మీద ఎక్కువగా ఆధారపడింది. మిగతా 21 వేల పైచిలుకు మందికి రెండు వైపులా గుండెపోటు రాలేదు. అందుకే మొత్తం సంఖ్య రాసిన చోటే సంఘటనల సంఖ్య కూడా రాయండి.

2. మీరే భాగహారం చేయండి

```
139 ÷ 11037 = 1.26%
239 ÷ 11034 = 2.17%
2.17 − 1.26 = 0.91
0.91 ÷ 2.17 = 42%
```

మూడో వరుసలోది నికరంగా తగ్గిన ముప్పు, నాలుగోది ఉత్తుత్తి మాత్ర గుంపుతో పోల్చినప్పుడు తగ్గిన వంతు. రెండూ నిజమే, రెండూ ఒకే పట్టికలోంచి వచ్చాయి. వంతు ఒక్కటే రాస్తే పాఠకుడికి మొదట ముప్పు ఎంత ఉండేదో తెలియదు. ఉన్నదే 2 శాతమైతే అందులో 42 శాతం తగ్గినా తగ్గేది ఒక శాతం లోపే.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, 0.91ని "0.91 శాతం తగ్గింది" అని రాయడం. అది 0.91 శాతం పాయింట్లు. శాతం అంటే ఆ 2.17లో నూటికి 0.91 వంతు అన్న అర్థం వస్తుంది. రెండోది, తొందరపడి 1.26ని 1గా, 2.17ని 2గా సవరించడం. అప్పుడు ముప్పు సరిగ్గా సగమైందని తేలుతుంది! తీసివేత, భాగహారం అయ్యాకే సవరించండి.

మూడోది మీ 42కీ పేపర్‌లోని 44కీ పొంతన కుదరకపోవడం. పరిశోధకులు వయసు వంటి తేడాలను సర్దుబాటు చేశాక వచ్చిన అంకె 44. ఇలాంటప్పుడు పేపర్‌లోని అంకెనే ఇచ్చి, సర్దుబాటు చేసినదని ఒక్క మాట చేర్చండి. అసలు సంఖ్యల పక్కన 44 పెట్టి ఊరుకుంటే లెక్క చూసే పాఠకుడు తికమక పడతాడు. తేడా రెండు మూడు అంకెలు కాకుండా బాగా పెద్దదైతే మాత్రం మీరు తప్పు పట్టికో తప్పు వరుసో చూస్తున్నారేమో వెనక్కి వెళ్లి చూడండి.

0.91 శాతం పాయింట్లంటే పాఠకుడికి బొమ్మ కట్టదు. దాన్నే "వెయ్యిమందిలో 22 మందికి బదులు 13 మందికి" అని రాస్తే వెంటనే అర్థమవుతుంది. పక్కనే "ఐదేళ్లలో" అన్న మాట తప్పక ఉండాలి. కాలం చెప్పని ముప్పు అంకెకు అర్థం లేదు.

3. అంకెకు అటూ ఇటూ ఉన్న హద్దులు చూడండి

ఆస్పిరిన్ గుంపు ముప్పు రెండో గుంపు ముప్పులో 0.56 వంతు, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.45 నుంచి 0.70. అంటే తగ్గుదల 30 శాతం నుంచి 55 శాతం దాకా ఎంతైనా ఈ సమాచారంతో పొసగుతుంది. 1 అంటే తేడా లేదని అర్థం. ఇంటర్వల్ మొత్తం 1కి దిగువనే ఉంది కాబట్టి ఇక్కడ "తగ్గింది" అనవచ్చు.

అదే అధ్యయనంలో పక్షవాతం సంగతి చూడండి: ఆస్పిరిన్ గుంపులో 119, రెండో గుంపులో 98. వంతు 1.22, ఇంటర్వల్ 0.93 నుంచి 1.60. "పక్షవాతం 22 శాతం పెరిగింది" అని రాస్తే ఎక్కువ చెప్పినట్టు. "ఆస్పిరిన్‌కూ పక్షవాతానికీ సంబంధం లేదని తేలింది" అని రాసినా అంతే తప్పు. కొంచెం తగ్గుదల మొదలుకొని 60 శాతం పెరుగుదల దాకా అన్నీ ఆ హద్దుల్లో ఉన్నాయి. కాబట్టి రాయాల్సింది: "ఆస్పిరిన్ గుంపులో పక్షవాతాలు ఎక్కువగా నమోదయ్యాయి, కానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఈ సంఖ్యలు చాలవు."

గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఆస్పిరిన్ గుంపులో 81, రెండో గుంపులో 83. గుండెపోట్లు తగ్గాయి కదా అని "ప్రాణాలు నిలిపింది" అని రాసేవాళ్లు ఈ వరుస చదవనట్టే.

4. ఎవరి మీద తేలిందో అక్కడే ఆగండి

వీళ్లంతా 40 నుంచి 84 ఏళ్ల మగ డాక్టర్లు. పైగా ముందు పరీక్షా కాలంలో 33,223 మంది చేరితే, మాత్రలు సక్రమంగా వేసుకోనివాళ్లూ ఇతర కారణాలతో పనికిరానివాళ్లూ పోగా మిగిలినవాళ్లే ఈ 22,071 మంది. గుండెపోట్ల తగ్గుదల కూడా 50 దాటినవాళ్లలోనే కనిపించింది. "మనుషుల్లో" అని రాయడానికి ఇవేవీ ఒప్పుకోవు.

ఆ జాగ్రత్త ఎందుకో 2005లో వచ్చిన విమెన్స్ హెల్త్ స్టడీలో కనబడింది. 45 దాటిన 39,876 మంది స్త్రీల మీద, తక్కువ మోతాదుతో, సుమారు పదేళ్లు చూస్తే గుండెపోటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వంతు 1.02.

క్రియాపదం దగ్గర కూడా ఇదే పట్టింపు ఉండాలి. ఎవరికి ఏ మాత్ర అన్నది లాటరీతో తేల్చారు కాబట్టి "ఆస్పిరిన్ తగ్గించింది" అనవచ్చు. ఎవరి ఇష్టం మీద వాళ్లు వేసుకుంటుంటే గమనించిన అధ్యయనమైతే "వేసుకునేవాళ్లలో తక్కువగా కనిపించింది" వరకే.

5. ఇప్పుడు వాక్యాలు కట్టండి

"1989లో ప్రచురితమైన అధ్యయనంలో, 40-84 ఏళ్ల 22,071 మంది అమెరికన్ మగ డాక్టర్లలో సగంమందికి రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున ఐదేళ్లలో ఆస్పిరిన్ గుంపులో 139 మందికి, రెండో గుంపులో 239 మందికి గుండెపోటు వచ్చింది. అంటే వెయ్యికి సుమారు 22 నుంచి 13కి తగ్గింది (వయసు వగైరా సర్దుబాటు చేశాక 44 శాతం తక్కువ, హద్దులు 30-55). గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తగ్గినట్టు కనిపించలేదు."

శీర్షికలో ఇంత పట్టదు. అప్పుడు 44 వదిలేసి "ఆస్పిరిన్‌తో మగ డాక్టర్లలో గుండెపోట్లు తగ్గాయి, గుండె జబ్బు మరణాలు తగ్గినట్టు కనిపించలేదు" అని పెట్టి, అంకెలన్నీ కలిపి మొదటి పేరాలో ఇవ్వండి.