దరఖాస్తు ఫారం తెరిచే ముందు జాగ్రత్తలు

కాలేజీ ప్రవేశాల ఫారాన్ని విద్యార్థులకు ఇచ్చే ముందు, చిన్న ఫోనులో ఇవి చూడండి.

- కావాలనే ఒక తప్పు చేసి పంపండి. మిగతా గడుల్లో నింపినవి చెక్కుచెదరకూడదు. ఒక్క పిన్‌కోడ్ తప్పుకే అంతా ఖాళీ అయితే, గడువు చివరి రోజున చాలామంది అక్కడే ఆగిపోతారు.

- తప్పు ఏమిటో ఆ గడి కిందే చెప్పాలి. ‘చెల్లదు’ అంటే ఏం దిద్దాలో తెలియదు. ‘పిన్‌కోడ్‌కు 6 అంకెలు ఉండాలి, 5 ఉన్నాయి’ అంటే తెలుస్తుంది. ఎర్ర గీత ఒక్కటే చాలదు, రంగుల తేడా తెలియనివారూ ఉంటారు.

- ‘పేరు’ అని వదిలేయకండి. ‘పదో తరగతి మెమోలో ఉన్నట్టు’ అని గడి పైన రాయండి. మన దగ్గర ఇంటిపేరు కొందరు ముందు, కొందరు వెనక రాస్తారు. తేడా వస్తే ధ్రువపత్రాల పరిశీలనలో చిక్కు. గడి లోపల రాస్తే టైపు చేయగానే సూచన మాయమవుతుంది.

- విద్యార్థి నంబరు, తల్లిదండ్రుల నంబరు వేర్వేరు శీర్షికల కింద ఉంచండి. కలిస్తే ఓటీపీ వేరే ఫోనుకు పోతుంది.

- బటన్లు బొటనవేలితో నొక్కి చూడండి. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం WCAG 2.2 సాధారణంగా అడిగేది కనీసం 24×24 CSS పిక్సెళ్లు. ఆండ్రాయిడ్ సూచించేది, దాని స్క్రీన్ కొలత dpలో, 48×48. ‘సమర్పించు’ పక్కన ‘తుడిచివేయి’ అసలు వద్దు.