1ని ప్రధాన సంఖ్యల్లో కలిపితే ఎక్కడ చెడుతుంది: సమస్య - పరిష్కారం

"1కి 1 తోనూ, తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ భాగహారం పోదు. మరి అది ప్రధాన సంఖ్య ఎందుకు కాదు?" ఈ ప్రశ్నకు చాలామంది "నిర్వచనం అంతే" అని చెప్పి వదిలేస్తారు. నిర్వచనం ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. 1ని లోపలికి రానిస్తే ఏం పాడవుతుందో చూస్తే, దాన్ని బయట ఎందుకు ఉంచారో తెలుస్తుంది.

సమస్య: కారణాంకాలు తీసే ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతోంది

```
def factors(n):
    out = []
    p = 1
    while n > 1:
        while n % p == 0:
            out.append(p)
            n //= p
        p += 1
    return out
```

`factors(12)` అని ఇచ్చి చూడండి. జవాబు రాదు, మెమరీ మాత్రం నిండుతూ పోతుంది. మధ్యలో `out` ప్రింట్ చేసి చూస్తే అన్నీ 1లే కనిపిస్తాయి.

కారణం లోపలి లూప్‌లో ఉంది. 12ను 1తో భాగిస్తే శేషం 0, కాబట్టి 1 లిస్టులో చేరుతుంది. భాగఫలం మళ్లీ 12. ఇంకోసారి భాగించినా అదే 12. మిగతా ప్రధాన సంఖ్యల సంగతి వేరు: 2తో భాగిస్తే 12 కాస్తా 6 అవుతుంది, తర్వాత 3 అవుతుంది, ఇక 2 పోదు. ప్రతి అడుగులోనూ సంఖ్య చిన్నదవుతుంది కాబట్టే పని ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. 1 దగ్గర ఆ తగ్గడం లేదు.

పరిష్కారం: `p = 2` నుంచి మొదలుపెట్టండి. అప్పుడు `[2, 2, 3]` వస్తుంది. `factors(1)` అడిగితే ఖాళీ లిస్టు వస్తుంది. అది తప్పు కాదు, దాన్ని సరిచేయబోకండి. ఒక్క ప్రధాన సంఖ్యనూ గుణించకపోతే లబ్ధం 1 అని గణితంలో లెక్క. అంటే 1కి కూడా ఒకే ఒక్క విభజన ఉంది: అందులో ఏమీ లేవు.

సమస్య: "1ని ఒక్కసారే తీసుకుందాం" అని సర్దాక లెక్కలు కుదరడం లేదు

చాలామందికి ముందు తట్టే సర్దుబాటు ఇదే. 1ని ఒకసారి లిస్టులో వేసి 2కి వెళ్లిపోతే లూప్ ఆగుతుంది, 12కి `[1, 2, 2, 3]` వస్తుంది. పైకి బాగానే ఉంటుంది.

ఇప్పుడు 12ను 4 × 3గా రాసి, రెండింటినీ విడివిడిగా విభజించండి. 4కి `[1, 2, 2]`, 3కి `[1, 3]`. రెండూ కలిపితే `[1, 1, 2, 2, 3]`. నేరుగా 12కి వచ్చిన లిస్టు ఇది కాదు. అదే 12, దారి మారితే జవాబు మారింది. 2 × 2 × 3గా విడదీస్తే మూడు 1లు వస్తాయి.

అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు: 1 కంటే పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు, వరుస మార్చడం తప్ప వేరే విధంగా రాయలేం. మీరు ఏ దారిలో విడదీసినా చివరికి రెండు 2లు, ఒక 3 దొరకాలి. 1 చేరితే ఎన్ని 1లు అన్న ప్రశ్నకు జవాబే ఉండదు. సున్నా అయినా సరే, వెయ్యి అయినా సరే, లబ్ధం 12గానే ఉంటుంది.

దెబ్బ అక్కడితో ఆగదు. 12 = 2² × 3¹ కాబట్టి భాజకాల సంఖ్య (2+1)(1+1) = 6. అవి 1, 2, 3, 4, 6, 12. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణించే ఈ సూత్రంలో 1¹ని కూడా వేస్తే 12 వస్తుంది, 1⁵ వేస్తే 36 వస్తుంది. సూత్రం తప్పు కాదు. దానికి అందించిన విభజన నికరంగా లేదు.

పరిష్కారం ఒకటే, 1ని పూర్తిగా తీసేయడం. ఒకసారి, రెండుసార్లు అని పరిమితులు పెడితే గుణకారం దగ్గర మళ్లీ చిక్కు వస్తుంది.

సమస్య: నిర్వచనం చదివితే 1 సరిపోతున్నట్టే ఉంది

"1 తోనూ తనతోనూ మాత్రమే భాగింపబడేది" అన్న వాక్యంలో లోపం ఉంది. 1 విషయంలో ఆ రెండూ ఒకటే. "సరిగ్గా రెండు వేర్వేరు ధన భాజకాలు ఉన్నది" అని రాయండి. 7కి 1, 7 ఉన్నాయి. 1కి ఒక్కటే ఉంది, కాబట్టి బయట పడుతుంది. అలాగని అది సంయుక్త సంఖ్య కూడా కాదు, ఈ రెంటికీ బయట నిలుస్తుంది.

సమస్య: పాత పట్టికలో మొదటి ప్రధాన సంఖ్యగా 1 ఉంది

అచ్చుతప్పు కాదు. 1742లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కపెట్టాడు. 1914లో డి. ఎన్. లేమర్ అచ్చువేసిన పెద్ద పట్టిక కూడా 1తోనే మొదలవుతుంది. వాళ్ల గణితం కూలిపోలేదు, కాకపోతే సిద్ధాంతాల దగ్గర "1 తప్ప" అని చేర్చుకుంటూ చదవాలి. అలాంటి పట్టిక వాడేటప్పుడు ప్రధాన సంఖ్యల వరుస నంబరులోంచి ఒకటి తీసేయండి.

సమస్య: 1ని తీసేశాక కూడా ఒకే సంఖ్యకు రెండు విభజనలు కనిపిస్తున్నాయి

రుణసంఖ్యలను కూడా తీసుకున్నారేమో చూడండి. 12 = 2 × 2 × 3, అలాగే (−2) × (−2) × 3. ఇక్కడ 1 చేసిన పనే −1 చేస్తోంది. పూర్ణసంఖ్యల్లో 1, −1 మాత్రమే తమ గుణకార విలోమాన్ని అక్కడే కలిగి ఉన్నవి. ఒకచోట గుణించి ఇంకోచోట రద్దు చేసుకోవచ్చు కాబట్టి వాటిని ఎన్నిసార్లైనా చొప్పించవచ్చు. ఇలాంటివాటిని యూనిట్లు అంటారు. 1ని పక్కన పెట్టడానికి అసలు కారణం అది చిన్న సంఖ్య కావడం కాదు, యూనిట్ కావడం. వాటిని పక్కన పెట్టి, "వరుస, యూనిట్లు తప్ప వేరే తేడా ఉండదు" అని చదువుకుంటే రెండు విభజనలూ ఒకటే.

యూనిట్లు తీసేసినా పోని చిక్కు ఒకటుంది. a, b పూర్ణసంఖ్యలుగా a + b√−5 రూపంలోని సంఖ్యలు తీసుకోండి. అక్కడా యూనిట్లు 1, −1 మాత్రమే. అయినా 6 = 2 × 3 = (1 + √−5)(1 − √−5). ఈ నాలుగింటిలో దేన్నీ ఇంకా విడదీయలేం, యూనిట్‌తో గుణించి ఒకదాన్ని ఇంకోదిగా మార్చనూ లేం. ఇక్కడ తప్పు 1ది కాదు. మామూలు పూర్ణసంఖ్యల్లో ఒక ప్రధాన సంఖ్య రెండు సంఖ్యల లబ్ధాన్ని భాగిస్తే, ఆ రెంటిలో కనీసం ఒకదాన్ని భాగించి తీరుతుంది. విభజన ఏకైకంగా ఉండటం నిలబడేది దీని మీదే. పై చోట 2 ఆ లబ్ధాన్ని భాగిస్తుంది గానీ 1 + √−5ని భాగించదు, 1 − √−5నీ భాగించదు. 1ని మినహాయించడం అవసరమే, కానీ అదొక్కటే చాలదు. తమాషా ఏమిటంటే, లబ్ధాన్ని భాగించే ఈ పరీక్షలో 1 ఎక్కడైనా నెగ్గుతుంది, అది దేన్నైనా భాగిస్తుంది గనుక. అందుకే ఆ పరీక్షను నిర్వచనంగా తీసుకునే చోట కూడా "యూనిట్ కాకూడదు" అన్న షరతును విడిగా రాయాల్సి వస్తుంది.